వారం రోజుల చాట్ నుంచి ఒక నివేదిక: "అయిపోయింది" అంటే ఏమైనట్టు?

"మా బృందం పని సంగతులన్నీ చాట్‌లోనే రాసుకుంటుంది. శుక్రవారం వాటితో మేనేజరుకు నివేదిక పంపాలి. అన్నీ వరుసగా ఎక్కిస్తే గందరగోళంగా ఉంటోంది. ఎలా రాయాలి?"

నమస్కారం. చిక్కు ఆ వరుసలోనే ఉందండీ. చాట్ రోజుల వెంట నడుస్తుంది. మేనేజరుకు కావలసింది ఒక్కో పని ఎక్కడిదాకా వచ్చిందన్నది. కాబట్టి ముందు పనుల పేర్లు రాసుకుని, ఒక్కో సందేశాన్ని దాని పని కిందికి చేర్చండి.

ఒక ఉదాహరణ చూద్దాం. యాప్‌లో బిల్లు చెల్లించే పేజీ తయారవుతోంది. సోమవారం, జూన్ 2న, పేజీ రాసే కుర్రాడు "చెల్లింపు పేజీ దాదాపు అయిపోయింది" అన్నాడు. మంగళవారం పరీక్షించే అమ్మాయి "కొత్త స్క్రీనులో రెండు బగ్గులు. రసీదు రావడం లేదు, వెనక్కి నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది" అని రాసింది. బుధవారం ఉదయం "బ్యాంకు టెస్ట్ సర్వర్ పడిపోయింది". గురువారం సాయంత్రం "రసీదుది అయిపోయింది". అర్ధరాత్రి దాటాక 12:40కి "రెండోది రేపు ఇచ్చేస్తాను". శుక్రవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి "రసీదు సరే, వస్తోంది" అంది.

చెల్లింపు పేజీ, కొత్త స్క్రీను ఒకటేనని మీకు తెలుసు, మేనేజరుకు తెలియదు. ఒక పేరు ఎంచుకుని ప్రతి వారం అదే వాడండి.

అసలు కష్టం "అయిపోయింది" దగ్గర వస్తుంది. రాసినవాడికి కోడు ఇవ్వడంతో పని అయిపోయింది. పరీక్షించేవారికి అది అప్పుడే మొదలైంది. మేనేజరు ఆ మాట చదివి, వాడేవాళ్లకు ఇచ్చేయవచ్చు అనుకుంటారు. అందుకే నేను నాలుగు మాటలే వాడతాను. కోడు ఇంకా రాస్తుంటే "జరుగుతోంది". ఇచ్చేశాక "పరీక్షలో ఉంది". పరీక్షించినవారు సరే అన్నాకే "పూర్తయింది". బయటివాళ్ల కోసం ఎదురుచూస్తుంటే "ఆగింది". ఈ అర్థాలను నివేదిక అడుగున ప్రతి వారం మార్చకుండా ఉంచండి. ఇక సోమవారంనాటి "దాదాపు" నివేదికలోకి రానే రాదు. మరుసటి రోజే రెండు లోపాలు బయటపడ్డాయి కదా.

తర్వాత ఆ "రేపు". ఇలాంటి మాటను సందేశం పంపిన సమయం చూసి తేదీగా మార్చాలి. కానీ 12:40 అంటే లెక్కకు శుక్రవారం వచ్చేసింది. నిద్రపోని మనిషికి అది ఇంకా గురువారమే. ఊహించి రాయకండి, ఒక్క ప్రశ్న అడగండి: "డబ్బు రెండుసార్లు కట్ అయ్యే బగ్గు సవరణ 6నా, 7నా?" జవాబు ఇలా వచ్చింది: "9న ఇస్తాను. సర్వర్ నిన్న మధ్యాహ్నం దాకా లేదు కదా."

చూశారా, సర్వర్ ఎప్పుడు తిరిగి వచ్చిందో చాట్‌లో ఎవరూ రాయలేదు. ఇబ్బంది మొదలైనప్పుడు అందరూ రాస్తారు, తీరినప్పుడు పనిలో పడిపోతారు. కాబట్టి "పడిపోయింది", "ఆగిపోయింది" అన్న ప్రతి సందేశానికి ముగింపు ఎక్కడుందో వెతకండి, దొరకకపోతే అడగండి. లేకపోతే తీరిన సమస్యను ఇంకా ఉన్నట్టు రాస్తారు, ఉన్నదాన్ని తీరినట్టు వదిలేస్తారు.

చాట్‌లో రెండు బగ్గులూ ఒకే వాక్యంలో సమానంగా కూర్చున్నాయి. అవి సమానం కావు. రసీదు రాకపోతే వినియోగదారుడు విసుక్కుంటాడు, డబ్బు రెండుసార్లు పోతే పేజీని విడుదల చేయలేం. కాబట్టి అదే ముందుండాలి. శుక్రవారం సాయంత్రం 4 గంటల వరకు తెలిసినదాన్ని బట్టి నివేదిక ఇలా వస్తుంది:

"చెల్లింపు పేజీ: జరుగుతోంది. వెనక్కి బటన్ నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ అయ్యే లోపం మిగిలి ఉంది. సవరణ జూన్ 9న అందుతుంది. ఇది పరీక్షలో నెగ్గే వరకు పేజీని విడుదల చేయలేము. రసీదు రాని లోపం సవరణ పూర్తయింది, జూన్ 6న పరీక్షించారు. బ్యాంకు టెస్ట్ సర్వర్ జూన్ 4 ఉదయం నుంచి 5 మధ్యాహ్నం వరకు పనిచేయలేదు."

ఎవరి పేరూ లేదు, గమనించారా? ఎవరు ఏ పని చేస్తున్నారో మేనేజరుకు తెలుసు. ఆలస్యం పక్కన పేరు పెడితే, వచ్చే వారం నుంచి ఆ మనిషి చాట్‌లో బగ్గుల గురించి రాయడం మానేస్తాడు.

పంపే ముందు పోయిన వారం నివేదిక పక్కన పెట్టుకుని చూడండి. అందులో ఎస్సెమ్మెస్ హెచ్చరికల పని "జరుగుతోంది" అని ఉంది. ఈ వారం చాట్‌లో దాని ఊసే లేదు. చాట్‌లో లేదని దాన్ని వదిలేయకండి. చూస్తున్నవారిని అడిగి, నిజంగా ఏమీ జరగకపోతే "ఎస్సెమ్మెస్ హెచ్చరికలు: ఈ వారం పని జరగలేదు" అని రాయండి.