కొట్టు తీసేటప్పుడు, కట్టేటప్పుడు: ఫోన్-ఇన్

యాంకర్: తణుకు నుంచి కాలర్. చెప్పండి.

కాలర్: నమస్కారం సార్. మాది కిరాణా కొట్టు. నేనూ, ఒక కుర్రాడూ. రాత్రి గల్లా లెక్క కుదరట్లేదు సార్. నిన్న 220 తగ్గింది. కుర్రాడు మంచోడే, అయినా మనసులో ఏదో...

నిపుణుడు: ఆగండి బాబూ. కుర్రాణ్ణి అనుమానించే ముందు అంకెలు చెప్పండి. పొద్దున గల్లాలో ఎంత పెట్టారు?

కాలర్: చిల్లర 1,500. బిల్లింగ్ మెషీన్లో అమ్మకం 14,200. ఫోన్‌పే, గూగుల్‌పే కలిపి 6,850 వచ్చింది. అరువు 900.

నిపుణుడు: అంటే నగదు అమ్మకం 6,450. చిల్లర కలిపితే 7,950 ఉండాలి. మీకు 7,730 ఉంది. గల్లాలోంచి ఎవరికైనా ఇచ్చారా?

కాలర్: లేదండి... ఆ, పాలవాడికి 620 ఇచ్చాను.

నిపుణుడు: రాశారా?

కాలర్: లేదు సార్.

నిపుణుడు: గల్లాలోంచి తీసేది ముందు రాయండి, తర్వాత ఇవ్వండి. ఇప్పుడు 7,330 ఉండాలి. అంటే మీకు తగ్గలేదు, 400 ఎక్కువుంది. పాత బాకీ ఎవరైనా ఫోన్లో కట్టారా?

కాలర్: కట్టారు సార్, ఒకావిడ 400. అది కూడా అమ్మకమే కదా?

నిపుణుడు: కాదు. అరువిచ్చిన రోజే అది అమ్మకంలో పడిపోయింది. నిన్నటి ఆన్‌లైన్ అమ్మకం 6,450 మాత్రమే, నగదు 6,850. దానికి చిల్లర 1,500 కలిపి, పాలవాడి 620 తీసేస్తే సరిగ్గా 7,730. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొంత కప్పేసి 220గా కనబడ్డాయి. పాత బాకీలకు వేరే పేజీ పెట్టండి.

కాలర్: అయితే కుర్రాడు తియ్యలేదంటారా?

నిపుణుడు: చెప్పాను కదయ్యా, పైసాతో సహా సరిపోయింది. ఇకమీదట షట్టర్ సగం దించాక అతను నోట్లు లెక్కపెట్టాలి, మీరు రాయాలి. 500లు, 200లు, 100లు విడివిడిగా. రేపటికి 1,500 పక్కన పెట్టండి, అందులో పది, ఇరవై నోట్లే ఎక్కువుండాలి.

యాంకర్: ధన్యవాదాలు. తర్వాతి కాలర్, నల్గొండ.

కాలర్: రాత్రి కరెంటు పోతే ఐస్‌క్రీం పాడైందో లేదో ఎలా తెలుస్తుంది సార్?

నిపుణుడు: చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్లో ఉంచండమ్మా. కొట్టు తీయగానే మొదట దాన్నే చూడండి. బిళ్ల లోపలికి దిగి గడ్డకట్టి ఉంటే, రాత్రి అంతా కరిగి మళ్లీ గట్టిపడిందన్నమాట. ఆ ఐస్‌క్రీం అమ్మకండి.

యాంకర్: వరంగల్ నుంచి, క్లుప్తంగా.

కాలర్: క్యూఆర్ స్టిక్కర్ మీద వేరేది అంటిస్తున్నారంట సార్?

నిపుణుడు: కొట్టు తీయగానే మీ ఇంట్లోవాళ్ల ఫోన్‌తో ఒక రూపాయి కొట్టండి. తెరమీద మీ పేరే రావాలి, సౌండ్ బాక్సు పలకాలి. రాత్రి బాక్సు ఛార్జింగ్ పెట్టారా? అది పలక్కపోతే కస్టమర్ ఫోన్ చూసి సరుకు ఇవ్వకండి, మీ ఫోన్లో డబ్బు పడిందో లేదో చూడండి. గల్లాలోంచి తీసేది మాత్రం...

కాలర్: ముందు రాస్తాను సార్.

యాంకర్: ధన్యవాదాలు. తర్వాతి కాలర్.