చర్మాన్ని లాగేది ఎందుకు, వదిలేది ఎప్పుడు
(నర్సింగ్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. జెడ్-ట్రాక్ పద్ధతి గురించి మీరు పాఠంలో చదివే ఉంటారు. చర్మాన్ని పక్కకు లాగి సూది గుచ్చాలి, తీశాక వదిలేయాలి. పరీక్షలో అంత రాస్తే మార్కులు వస్తాయి. కానీ లాగడం ఎందుకో తెలియకపోతే, వదలాల్సిన క్షణంలో చేయి తప్పుతుంది. అందుకే ఈ పూట ఒకే ఒక్క మందును తీసుకుని మాట్లాడతాను. అది ఐరన్ డెక్స్‌ట్రాన్. కండరంలోకి ఇచ్చే మందుల్లో ఈ పద్ధతి అవసరం ఇంత స్పష్టంగా కనిపించేది మరొకటి లేదు. ముదురు గోధుమ రంగు ద్రవం, మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల ఇనుము. ఇప్పుడు చాలాచోట్ల ఇనుమును రక్తనాళం ద్వారానే ఇస్తున్నారు. కండరంలోకి ఇవ్వవలసి వస్తే మాత్రం ఇది చేతికి రావాలి.

మామూలు పద్ధతిలో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. సూది చర్మాన్ని, దాని కింది కొవ్వు పొరను దాటి కండరంలోకి దిగుతుంది. మందు ఎక్కించాక సూదిని బయటకు లాగితే దాని వెనుక ఒక సన్నని తిన్నని దారి మిగులుతుంది. అప్పటికి కండరంలో 2 మిల్లీలీటర్ల ద్రవం కొత్తగా చేరి ఉంది, దాని ఒత్తిడీ ఉంది. ఎటు వీలుంటే అటు పోవడం ద్రవం స్వభావం. కాబట్టి కొంత మందు ఆ దారి వెంట పైకి ఎగబాకి కొవ్వులోకి, ఒక్కోసారి చర్మం పైకి కూడా వస్తుంది. కండరానికి రక్తప్రసరణ ఎక్కువ, అక్కడి మందును శరీరం తీసుకుపోగలదు. కొవ్వులో ప్రసరణ తక్కువ. అక్కడ చేరిన మందు కదలకుండా కూర్చుంటుంది, నొప్పి పుడుతుంది, గట్టి గడ్డ కడుతుంది. ఇనుమైతే పైన గోధుమ రంగు మచ్చ కూడా పడుతుంది, అది నెలలు గడిచినా పోకపోవచ్చు. ఈ మందును చేతికి గానీ, పైకి కనిపించే మరే చోటుకు గానీ ఇవ్వకూడదనీ, పిరుదు పైభాగంలో బయటివైపు పావు భాగంలోనే ఇవ్వాలనీ చెప్పడానికి ఇదీ ఒక కారణమే.

ఇప్పుడు చర్మం సంగతి. పిరుదు మీది చర్మమూ దాని కింది కొవ్వూ కండరానికి అతుక్కుని ఉండవు. మధ్యలో వదులైన కణజాలం ఉంటుంది కాబట్టి పైపొరలు జరుగుతాయి, కండరం ఉన్నచోటే ఉంటుంది. రెండు కాగితాలను ఒకదానిపై ఒకటి పెట్టి, పైదాన్ని కాస్త జరిపి పిన్ను గుచ్చండి. పిన్ను తీసి పై కాగితాన్ని మళ్లీ యథాస్థానానికి తెస్తే రెండు రంధ్రాలూ ఒకదానికొకటి ఎదురుగా ఉండవు. ఇక్కడా అంతే. చర్మాన్ని 2 నుంచి 3 సెంటీమీటర్లు పక్కకు లాగి గుచ్చి, సూది తీశాక వదిలితే చర్మం మీది రంధ్రం ఒకచోట, కండరం మీది రంధ్రం మరొకచోట మిగులుతాయి. మధ్యలో దారి తెగిపోతుంది. మందు కింద బంధీ అవుతుంది.

ఒక రోగిని ఊహించుకుందాం. పరీక్ష డోసు, అంటే 0.5 మిల్లీలీటరు, ముందు రోజే ఇచ్చారు, కనీసం గంట గమనించారు, ఇబ్బంది రాలేదు. ఇప్పుడు 2 మిల్లీలీటర్లు ఇవ్వాలి. పెద్దవారికి ఒక రోజుకు అదే గరిష్ఠం. పరీక్ష డోసుకు ఏమీ కాలేదని ధీమా వద్దు. తీవ్రమైన అలర్జీ పూర్తి డోసుకూ రావచ్చు, అత్యవసర మందులు పక్కనే ఉండాలి.

మందును సీసాలోంచి ఒక సూదితో తీసుకుని, గుచ్చడానికి కొత్త సూది బిగించండి. తీసిన సూది మందులో తడిసి ఉంటుంది. దానితోనే గుచ్చితే లోపలికి పోయేటప్పుడే దారి పొడవునా కొవ్వుకు ఇనుము పూసినట్టవుతుంది. అలా చేస్తే చర్మాన్ని ఎంత లాగినా ఉపయోగం లేదు. కొత్త సూది కండరాన్ని చేరేంత పొడవుండాలి. ఐరన్ డెక్స్‌ట్రాన్‌కు సూచించేది 5 నుంచి 7.5 సెంటీమీటర్ల సూది. లావుపాటి మనిషికి పొట్టి సూది వాడితే మందు మొత్తం కొవ్వులోనే పడుతుంది. పద్ధతి అంతా సవ్యంగా చేశామనే అనుకుంటాం, మచ్చ మాత్రం తప్పదు.

రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఇంజెక్షన్ వైపు పైకి ఉండాలి. స్థలం తుడిచి ఆరనివ్వండి. ఎడమ అరచేతి అంచును, అంటే చిటికెన వేలి వైపు అంచును, చర్మం మీద గట్టిగా ఆనించి పక్కకు లాగండి. వేళ్లతో లాగకండి. బొటనవేలు, చూపుడువేలు ఖాళీగా ఉంటేనే తర్వాత సిరంజిని పట్టుకోగలరు. కుడిచేత్తో సూదిని 90 డిగ్రీల కోణంలో చురుగ్గా దించండి. ఎడమ వేళ్లతో సిరంజి గొట్టాన్ని కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో ప్లంజరును కొద్దిగా వెనక్కి లాగి చూడండి. టీకాలకు ఇలా లాగి చూడనక్కర్లేదని ఇప్పుడు చెబుతున్నారు, నిజమే. కానీ ఇది పిరుదు, మందు ఇనుము. ఇక్కడ చూడాల్సిందే. రక్తం కనిపిస్తే సూది తీసేసి, ఆ మందు పారేసి, మళ్లీ కొత్తగా సిద్ధం చేసుకోవాలి.

రక్తం లేకపోతే నెమ్మదిగా ఎక్కించండి. మిల్లీలీటరుకు 10 సెకన్లు, అంటే మొత్తం 20 సెకన్లు. తర్వాత సూదిని అలాగే ఉంచి మరో 10 సెకన్లు ఆగండి. కండరం నారల మధ్య మందు సర్దుకోవడానికి ఆ వ్యవధి. పని రద్దీగా ఉన్నప్పుడు అందరూ కత్తిరించేది ఈ 10 సెకన్లనే. ఎడమ చేయి అప్పటికే నొప్పి పుడుతుంటుంది, తెలియకుండానే పట్టు సడలుతుంది.

అసలు చిక్కంతా అక్కడే. సూది లోపల ఉండగానే చర్మాన్ని వదిలితే పైపొర వెనక్కి జరుగుతూ సూదిని పక్కకు నెడుతుంది. రోగికి నొప్పి, లోపల కణజాలం చీరుతుంది. పైగా పొరలు తిరిగి సర్దుకున్నాకే సూది బయటకు వస్తుంది కాబట్టి దాని వెనుక దారి తిన్నగానే మిగలవచ్చు. కాబట్టి సూది ముందు, చేయి తర్వాత. సూదిని గుచ్చిన కోణంలోనే తిన్నగా బయటకు తీసి, ఆ వెంటనే చర్మాన్ని వదలండి. పొడి దూదితో తేలికగా అదిమి పట్టండి, రుద్దకండి. రుద్దితే మూసుకున్న దారిలోకి మందును మనమే తోసినట్టు. బిగుతైన దుస్తులు ఆ చోట ఒత్తకుండా చూడమని రోగికి చెప్పండి.

సరిగ్గా జరిగిందో లేదో దూదే చెబుతుంది. దాని మీద గోధుమ చుక్క కనిపిస్తే మందు తిరిగి వచ్చిందన్నమాట. చర్మం మీద రంధ్రం చుట్టూ గోధుమ వలయం ఏర్పడినా, కింద చిన్న ఉబ్బు చేతికి తగిలినా అంతే. చూసింది చూసినట్టు రికార్డులో రాయండి, ఏ వైపు ఇచ్చారో కూడా రాయండి. తర్వాతి డోసు రెండో వైపుకు వెళ్లాలి.

హాలోపెరిడాల్ డెకనోయేట్ లాంటి నూనె మందులకూ ఇదే పద్ధతి. అక్కడ మచ్చ భయం లేదు గానీ మరో నష్టం ఉంది. ఆ ఒక్క డోసు సాధారణంగా నాలుగు వారాలు పనిచేయాలి. కొంత కారిపోతే ఎంత లోపల మిగిలిందో ఎవరూ చెప్పలేరు, మరుసటి ఇంజెక్షన్ దాకా ఆ లోటు అలాగే ఉంటుంది.

జెడ్-ట్రాక్ చేయలేనివీ ఉన్నాయి. అది అలర్జీని ఆపదు. చోటు తప్పు ఎంచుకుంటే సయాటిక్ నరాన్ని కాపాడదు. పాత మచ్చ, వాపు, గట్టిపడిన చర్మం ఉన్నచోట పైపొర జరగదు. లాగి చూస్తే తెలిసిపోతుంది. జరగకపోతే బలవంతం చేయకుండా రెండో వైపు చూడండి. అక్కడా జరగకపోయినా, కండరం బాగా క్షీణించి ఉన్నా, సిరంజిని పక్కన పెట్టి డాక్టరుతో మాట్లాడండి. ఇనుముకు వేరే మార్గాలున్నాయి.