తలుపు ఎప్పుడు తెరవాలి? పాత టైర్ల పైరాలిసిస్ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈ సభ ఏర్పాటు చేసినవారికి, రాత్రి షిఫ్టు దిగి నిద్ర మానుకుని వచ్చిన కార్మిక మిత్రులకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం ‘పాత టైర్లకు మూడు దారులు’. సిమెంటు బట్టీ, రోడ్డు, పైరాలిసిస్. మూడింటికీ సమానంగా సమయం కేటాయించమని నిర్వాహకులు చెప్పారు. మొదటి రెండూ త్వరగా ముగిస్తాను. మూడోదాంట్లో ఒక విషయం ఉంది, అది చెప్పకుండా ఈ మైకు వదలలేను.

టైరుని ప్లాస్టిక్ బకెట్‌లా కరిగించి మళ్లీ పోత పోయలేం. తయారీలోనే రబ్బరుకి గంధకం కలిపి కాల్చారు కాబట్టి లోపలి గొలుసులన్నీ ఒకదానికొకటి ముడిపడిపోయాయి. వేడి చేస్తే కరగదు, విరిగిపోతుంది. అందుకే మిగిలినవి మూడే పనులు: తగలబెట్టడం, పొడి చేయడం, గాలి తగలకుండా వేడి చేసి విరగ్గొట్టడం. ఈ మూడోదాని పేరే పైరాలిసిస్.

తగలబెట్టడానికి సరైన చోటు సిమెంటు బట్టీ. అక్కడ మంట 2000 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, లోపలి సరుకు 1450 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో టైరు పూర్తిగా కాలిపోతుంది. మంచి బొగ్గుకి తీసిపోని వేడినిస్తుంది. అందులోని ఉక్కు తీగ కూడా వృథా కాదు, బట్టీలో తయారయ్యే సిమెంటు గడ్డల్లో, అంటే క్లింకర్‌లో కలిసి, ఇనుప ఖనిజం చేసే పని కొంత చేస్తుంది. గంధకంలో చాలా భాగాన్ని సున్నం పట్టేసుకుంటుంది. హద్దు ఎక్కడంటే జింకు దగ్గర. టైర్లు మోతాదు మించితే జింకు పెరిగి సిమెంటు గట్టిపడటం ఆలస్యమవుతుంది. ఇదంతా చూపించి ఇటుక బట్టీలో కూడా టైర్లు వేయొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. అక్కడ ఆ వేడీ లేదు, గాలి మీద ఆ అదుపూ లేదు. సగం కాలిన మసి అంతా చుట్టుపక్కలవాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

రోడ్డు సంగతి. 1960లలో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో చార్లెస్ మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీరు వేడి తారులో టైరు పొడి కలిపి రోడ్డు పగుళ్ల మీద వేసి చూశాడు. అక్కడి నుంచి పెరిగిందే ఈ పద్ధతి. తారు మిశ్రమంలో ఐదో వంతు వరకు రబ్బరు పొడి వేసి, 180 డిగ్రీల దగ్గర ముప్పావుగంటో గంటో కలుపుతారు. పొడి తారులో కరగదు. తారులోని నూనెని తాగి ఉబ్బుతుంది, దాంతో తారు చిక్కబడుతుంది. కలపడం ఆపితే పొడి అడుక్కి దిగుతుంది. మరీ ఎక్కువసేపు వేడి మీద ఉంచితే రబ్బరు విరిగి, వచ్చిన చిక్కదనం కాస్తా పోతుంది. కాబట్టి ట్యాంకు దగ్గర గంట గంటకీ చిక్కదనం కొలిచే మనిషి ఉన్నాడా లేడా, అదే చూడండి. ఉంటే ఆ రోడ్డు బాగుంటుంది. ఇక దీన్ని ఇక్కడితో ఆపుతాను.

ఇప్పుడు పైరాలిసిస్. వెనక వరుసలో ఉన్నవాళ్లకు వినపడుతోందా? ఇది మీకోసమే.

మీలో ఎక్కువమంది పనిచేసేది బ్యాచ్ ప్లాంటులో. పెద్ద ఉక్కు డ్రమ్ము, పడుకోబెట్టి ఉంటుంది, మెల్లగా తిరుగుతుంది. ముందు తలుపు తీసి పది టన్నుల టైర్లు కుక్కుతారు. తలుపు మూసి, చుట్టూ బోల్టులు బిగించి, కింద మంట పెడతారు. లోపల గాలి లేదు కాబట్టి టైరు కాలదు, ఆవిరిగా విడిపోతుంది. 400 నుంచి 500 డిగ్రీల మధ్య పని దాదాపు అయిపోతుంది. ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి నూనె అవుతుంది. చల్లబడని గ్యాసు, మంట వెనక్కి రాకుండా నీళ్లతో అడ్డుకునే వాటర్ సీల్ గుండా వెళ్లి తిరిగి బర్నర్‌లో మండుతుంది. పది టన్నులకి నాలుగు టన్నుల పైచిలుకు నూనె, మూడు మూడున్నర టన్నుల కార్బన్ పొడి, టన్నో టన్నున్నరో తీగ, మిగిలింది గ్యాసు. లారీ టైర్లయితే తీగ పెరుగుతుంది.

ఇంతవరకు కరపత్రాల్లో కూడా ఉంటుంది. కరపత్రంలో లేనిది, ఆ తలుపు మళ్లీ ఎప్పుడు తెరవాలి అన్నది.

‘రోజుకో బ్యాచ్’ అంటారు. ఆ రోజుని విడదీసి చూద్దాం. టైర్లు ఎక్కించడానికి రెండు గంటలు. వేడి చేసి నూనె తీయడానికి ఎనిమిది నుంచి పది గంటలు. పొడి, తీగ బయటికి లాగడానికి మూడు నాలుగు గంటలు. మిగిలిన ఎనిమిది గంటలు చల్లారడానికి. అంటే రోజు నిండిపోయింది. ఏదో ఒకచోట ఆలస్యమైతే ఆ సమయం ఎక్కడి నుంచి తెస్తారు? మంట సమయం తగ్గిస్తే నూనె రాదు. ఎక్కించడం మనుషుల పని, అంతకంటే వేగంగా సాగదు. మిగిలింది చల్లార్చే సమయం. ప్రతిసారీ దొంగిలించేది దాన్నే. కూలీ బ్యాచ్ లెక్కన ఇస్తే, ఆ దొంగతనం కార్మికుడి చేతే చేయిస్తారు.

ఒక ప్లాంటు సంగతి చెబుతాను. పేరు చెప్పను. ప్రమాదం జరిగాక నన్ను పిలిచి చూడమన్నారు. లాగ్‌బుక్ తెరిస్తే తలుపు విప్పిన సమయం పక్కన ‘70 డిగ్రీలు’ అని రాసి ఉంది. చూసేవాడికి సబబుగానే ఉంటుంది. కింది బోల్టులు విప్పుతున్న కుర్రాడికి తలుపు అంచు నుంచి మంట ఉఫ్‌మని తన్నింది. రెండు చేతులూ, మెడ, ముఖంలో ఒక పక్క కాలాయి. కంపెనీ నివేదికలో కారణం రాసిన గడిలో రెండే మాటలు: ‘కార్మికుడి అజాగ్రత్త’. ఆ కాగితం నా చేతికిచ్చారు. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే ఆ 70 డిగ్రీలు ఎక్కడిది? వేడి కొలిచే థర్మోకపుల్ డ్రమ్ము వెనక, ఆవిరి బయటికి పోయే గొట్టంలో ఉంది. అది చెప్పేది గొట్టంలోని గ్యాసు వేడి. మూడు టన్నుల కార్బన్ పొడి డ్రమ్ము అడుగున కుప్పగా పడి ఉంది. దాని వేడి ఎవరూ కొలవలేదు. కరెంటు ఆదా అని మంట ఆపగానే డ్రమ్ము తిప్పడం కూడా ఆపేశారు. కార్బన్ పొడిలో వేడి చాలా నెమ్మదిగా కదులుతుంది. పైపొర చల్లబడి, అదే దుప్పటిలా లోపలి వేడిని కాపాడుతుంది. గంటలు గడిచినా నడిమధ్య బాగా వేడిగానే ఉండొచ్చు.

దీన్ని కనిపెట్టడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. గేజీ తక్కువ చూపిస్తున్నప్పుడు డ్రమ్ముని పావుగంట తిప్పండి. ముల్లు అక్కడే ఉంటే ఫర్వాలేదు. 70 ఉన్నది 100 దాటి పైకి ఎక్కిందంటే లోపల వేడి దాగి ఉందన్నమాట. అప్పుడు బోల్టు మీద స్పానర్ పెట్టకండి. తిప్పుతూనే చల్లార్చండి. తొందరపడి వేడి డ్రమ్ము మీద నీళ్లు కొట్టకండి, అతుకులు పగులుతాయి.

ఇది సగమే. రెండో సగం గాలి. దయచేసి ఇక్కడ శ్రద్ధగా వినండి, చిన్న లెక్క ఉంది.

పది టన్నుల డ్రమ్ములో, పొడి, తీగ పోను, సుమారు 30 ఘనపు మీటర్ల ఖాళీ ఉందనుకోండి. 450 డిగ్రీల దగ్గర ఆ ఖాళీ అంతా గ్యాసే. మంట ఆపి 50 డిగ్రీలకు చల్లారిస్తే గ్యాసు కుంచించుకుపోతుంది. ఎంతకి? దాదాపు 13 ఘనపు మీటర్లకి. మిగిలిన 17 ఘనపు మీటర్ల చోటు ఊరికే ఖాళీగా ఉండదు. ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి బయటి గాలిని పీల్చుకుంటుంది. తలుపు చుట్టూ ఉన్న గ్యాస్కెట్ తాడు ఎన్ని బ్యాచ్‌ల నుంచి మార్చలేదు? అక్కడి నుంచి పీలుస్తుంది. వాటర్ సీల్‌లో నీళ్లు తగ్గితే బర్నర్ వైపు నుంచి పీలుస్తుంది. అంటే వేడిగా ఉన్నంతసేపు గ్యాసు బయటికి కారుతుందని భయపడతాం. అసలు ప్రమాదం చల్లారేటప్పుడు లోపలికి వచ్చే గాలితో.

లోపల మిగిలిన గ్యాసులో హైడ్రోజన్, మీథేన్ ఉంటాయి. దానికి గాలి తోడైంది. అంటించడానికి వేడి కార్బన్ సిద్ధంగా ఉంది. ఈ మూడూ కలిసిన చోట ఒక కుర్రాణ్ని నిలబెట్టి బోల్టు విప్పమన్నారు. అజాగ్రత్త ఎవరిదో ఈ సభే చెప్పాలి.

దీనికి మందు నైట్రోజన్. చల్లారుతున్న డ్రమ్ములోకి గాలి బదులు నైట్రోజన్ వెళ్లేలా చూడాలి. లోపలి ఒత్తిడి ఎప్పుడూ బయటికంటే పిసరంత ఎక్కువే ఉండాలి. మామూలు పెద్ద సిలిండర్‌లో సుమారు 7 ఘనపు మీటర్ల గ్యాసు ఉంటుంది. కాబట్టి కుంచించుకున్న చోటు నింపడానికి మూడు సిలిండర్లు కావాలి. లోపలి గ్యాసుని కడిగేయడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. డ్రమ్ము ఖాళీకి మూడింతలు, అంటే 90 ఘనపు మీటర్లు పంపితే పాత గ్యాసు నూటికి ఐదు పాళ్లకు తగ్గుతుంది. అది మరో 13 సిలిండర్లు. ఎన్నో ప్లాంటుల్లో గోడకి ఆనించి ఒకే ఒక్క సిలిండర్ చూశాను, దాని మీద దుమ్ము కూడా చూశాను. తనిఖీవాళ్లకి చూపించడానికి అది చాలు. డ్రమ్ముకి చాలదు.

యజమానులు ఇక్కడ కూర్చున్నారు, మీ ఇబ్బంది నాకు తెలుసు. ఈ నూనె శుద్ధి చేయనిది. గంధకం ఒక శాతం దగ్గర ఉంటుంది, తేలిక భాగాల వల్ల చిన్న నిప్పుకే అంటుకుంటుంది, అందుకే మంచి ధర పలకదు. కార్బన్ పొడిలో జింకు, బూడిద కలిసి ఉంటాయి కాబట్టి కొత్త టైరు కంపెనీవాళ్లు దాన్ని అలాగే తీసుకోరు. లాభం అంచు మీద నడుస్తోంది. ఒప్పుకుంటాను. కానీ ఆ అంచు నిలబెట్టేది కార్మికుడి చర్మం కాకూడదు. సిలిండర్లు భారమైతే నైట్రోజన్ తయారుచేసే యంత్రం పెట్టుకోండి. అదీ కుదరకపోతే రెండు రోజులకో బ్యాచ్ నడపండి. స్థోమత ఉంటే కంటిన్యువస్ ప్లాంటుకి మారండి. అక్కడ ముక్కలు చేసిన టైరు ఒక చివర నుంచి వెళుతుంది, పొడి మరో చివర నీటితో చల్లబరిచే స్క్రూ గుండా వస్తుంది, రోజూ తెరవాల్సిన తలుపే ఉండదు. దానికీ బాధలున్నాయి, తీగ స్క్రూలో ఇరుక్కుంటుంది, ముక్కలు చేసే యంత్రం బ్లేళ్లు తింటుంది. ఆ బాధలు యంత్రానివి. సరిచేసుకోవచ్చు.

‘ఇన్ని కష్టాలెందుకు, టైర్లు గుట్టపోసి వదిలేద్దాం’ అని ఒక మిత్రుడు భోజనాల దగ్గర అన్నారు. 1990 ఫిబ్రవరిలో కెనడాలోని హేగర్స్‌విల్‌లో కోటికి పైగా టైర్లున్న గుట్ట అంటుకుంది. ఆర్పడానికి 17 రోజులు పట్టింది. పైన మంట, లోపల గాలి అందని టైరు విరిగి నూనెగా కారడం. మన డ్రమ్ములో జరిగేదే, డ్రమ్ము లేకుండా జరిగింది. కాబట్టి వదిలేయడం కుదరదు.

నిర్వాహకులు చీటీ పంపారు, సమయం అయిపోయింది. ఒక్క నిమిషం. యంత్రాలు తయారుచేసేవాళ్లు ఇక్కడ ముగ్గురు నలుగురు ఉన్నారు. డ్రమ్ము అమ్మేటప్పుడు పొడి కుప్ప వేడిని కొలిచే థర్మోకపుల్ అడుగున పెట్టి ఇవ్వండి. అది 50 డిగ్రీలకు దిగేదాకా తలుపు బోల్టు తిరగకుండా తాళం పెట్టండి. ఆ తాళం చెవి సూపర్‌వైజర్ జేబులో ఉండకూడదు. షిఫ్టు మిత్రులకు ఒక మాట. లాగ్‌బుక్‌లో తలుపు తెరిచే ముందు మూడు అంకెలు రాయండి: తిప్పకముందు వేడి, పావుగంట తిప్పాక వేడి, వాడిన నైట్రోజన్. ఆ మూడూ లేకుండా విప్పమని ఎవరైనా చెబితే, ఆ ఆజ్ఞని ఆ గడిలోనే రాసి, కింద వాళ్ల చేత సంతకం పెట్టించుకోండి.