ఇల్లు రాసిచ్చారు సరే, అప్పగించారా?

అందరికీ సలాం, నమస్కారం.

హిబా, అంటే ముస్లిం లా ప్రకారం బతికుండగా ఇచ్చే దానం, దాని గురించి మాట్లాడమని పిలిచారు. విజయనగరంలో సివిల్ కేసులు చూసుకునేవాడిగా నేను ఇందులో ఒక్క ముక్క దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. అది స్వాధీనం. హిబా దావాలు చాలావరకు తిరిగేది దాని చుట్టూనే.

ముందు షరతులు చెప్పేస్తాను. ఇచ్చేవారు మేజరై, మతిస్థిమితంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా 'ఇస్తున్నాను' అని స్పష్టంగా ప్రకటించాలి. దాన్ని ఇజాబ్ అంటారు. పుచ్చుకునేవారు ఒప్పుకోవాలి, అది ఖబూల్. ఆ తర్వాత ఆస్తిని అప్పగించాలి, అది ఖబ్జా. ఈ మూడే. కాగితం ఇందులో లేదు. స్థిరాస్తిని దానమిస్తే రిజిస్టర్డ్ దస్తావేజు ఉండాలని ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ అంటుంది గానీ, 129వ సెక్షన్ ముస్లిం లాను దాని నుంచి మినహాయించింది. కాగితం రాసుకుని రిజిస్టర్ చేయించకపోయినా, మూడు షరతులూ కుదిరితే హిబా చెడదని 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఆంధ్ర హైకోర్టు తీర్పు మీద వెళ్లిన కేసే. అందులోని దస్తావేజు 1968 నాటిది.

ఇది విన్నాక కొందరు 'అయితే రిజిస్ట్రేషన్ దండగ' అనుకుంటారు. ఇంకొందరు 'మేం రిజిస్ట్రేషన్ చేయించేశాం, ఇక ఢోకా లేదు' అని నిశ్చింతగా ఉంటారు. నాకు టెన్షన్ ఈ రెండో రకం వాళ్లతోనే. రిజిస్ట్రేషన్ మంచి సాక్ష్యం, కాదనను. కానీ అప్పగింత జరగని లోటును అది పూడ్చలేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది నేను కల్పించిందే, ఎవరి ఇంటి కథా కాదు. కంటోన్మెంట్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, ఆయన భార్య పోయారు. ఇద్దరు కొడుకులు, ఒకరు హైదరాబాద్, ఒకరు గల్ఫ్. కూతురు, అల్లుడు ఆయనతోనే ఉండి చూసుకుంటున్నారు. ఇల్లు ఆయన స్వార్జితం. రోడ్డు వైపు రెండు షాపులు అద్దెకిచ్చారు, వెనక వీళ్లు కాపురం. పెద్దాయన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి మొత్తం కూతురి పేర రిజిస్టర్ చేయించారు. 'నేటి దినమే స్వాధీనపరచినాను' అన్న వాక్యం దస్తావేజులో ఉంది. ఆయన ఇంటికొచ్చి కాగితాన్ని తన బీరువాలోనే పెట్టుకున్నారు. షాపుల అద్దె ఎప్పటిలా తానే తీసుకున్నారు. ఇంటి పన్ను రసీదు ఆయన పేరే, కరెంటు బిల్లు ఆయన పేరే. నాలుగేళ్లకు ఆయన పోయారు. కొడుకులు భాగానికి దావా వేశారు.

కోర్టులో టైలర్ షాపతను బోనెక్కాడు.

'అద్దె ఎవరికిచ్చేవాడివి?'

'పెద్దాయనకేనండి.'

'ఇల్లు కూతురిదైందని నీకెవరైనా చెప్పారా?'

'లేదండి, ఆయన పోయాకే తెలిసింది.'

కూతురి కేసుకి ఈ రెండు జవాబులు చాలా చేటు. దస్తావేజులోని స్వాధీనం వాక్యం ఆమెకు కొంత బలమే. స్వయంగా తండ్రి ఒప్పుకున్న మాట కాబట్టి ఆయన వారసులు దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు. కానీ అది తిరగరాయలేని మాట కాదు, అప్పగింత జరగలేదని ఎదుటివాళ్లు రుజువు చేయొచ్చు. కాపురమున్న భాగం వరకు ఆమెకు దారి ఉంది. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఒకే ఇంట్లో ఉంటే, తండ్రి మంచం బయట వేసుకోనక్కర్లేదు, గడప దాటనక్కర్లేదు. హక్కు వదులుకున్నానని తెలిపే పని ఒకటి కనబడితే చాలు. అద్దె షాపుల్లో అయితే అప్పగింత అంటే అద్దెదారులను పిలిచి 'ఇకనుంచి అమ్మాయికి ఇవ్వండి' అని చెప్పడం. అది జరగలేదు. ఆమె తరఫున తండ్రి వసూలు చేశారని చూపగలిగితే తప్ప షాపులు నిలబెట్టుకోవడం కష్టం.

నిలవకపోతే ఏమవుతుంది? ఆస్తి వారసత్వంలోకి వెళ్తుంది. కొడుకుకి రెండు పాళ్లు, కూతురికి ఒకటి. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు కాబట్టి అయిదు పాళ్లలో ఆమెకొచ్చేది ఒకటి. మొత్తం తనదనుకున్న షాపుల్లో అయిదో వంతు మిగులుతుంది.

అప్పగింత మీద ఇంత పట్టు ఎందుకంటారా? ముస్లిం లాలో బతికుండగా మనిషి తన ఆస్తి మొత్తం ఎవరికైనా ఇచ్చేయొచ్చు. వీలునామాకి మాత్రం హద్దుంది. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోను మిగిలినదాంట్లో మూడో వంతు దాటకూడదు. వారసుల్లో ఒకరికి రాయాలంటే, ఆయన పోయాక మిగతా వారసులు ఒప్పుకోవాలి. ఇప్పుడు ఒకాయన 'ఇచ్చేశాను' అని రాసి, పోయేదాకా తానే అనుభవించాడనుకోండి. అది పేరుకి హిబా, పనికి వీలునామా. దాన్ని ఒప్పుకుంటే మూడో వంతు హద్దూ పోతుంది, వారసుల వాటాలూ పోతాయి. కాగితం, సాక్షులు, ప్రతిఫలం ఏదీ తప్పనిసరి కాని చోట, ఇచ్చినవాడు నిజంగా వదులుకున్నాడని బయటికి కనబడేది అప్పగింత ఒక్కటే.

మన వైపు చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. డాక్యుమెంట్ రైటర్ దగ్గర సెటిల్‌మెంట్ దస్తావేజు నమూనా ఒకటి సిద్ధంగా ఉంటుంది. 'నా జీవితకాలం నేను అనుభవించుకొని, నా తదనంతరం నీవు సర్వహక్కులతో అనుభవించవలెను.' హిందువులకు ఆ రకం చెల్లుతుంది. 2014లో రేణికుంట్ల రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు, దస్తావేజు రిజిస్టరై ఉంటే దాత బతికున్నన్నాళ్లూ ఉండే హక్కు, అద్దెలు తీసుకునే హక్కు అట్టిపెట్టుకున్నా దానం చెల్లుతుందని చెప్పింది. పక్కింటివాళ్లకి పనిచేసింది కదా అని అదే నమూనాలో హిబా రాయించుకుంటే చిక్కే. నేను పోయాక నీది అంటే అది రేపటి దానం, రేపటి దానం హిబా కాదు. ఆస్తి హక్కు ఇప్పుడే, పూర్తిగా ఇచ్చేసి, వచ్చే ఆదాయం మాత్రం బతికున్నంతకాలం తనకివ్వమని షరతు పెట్టుకోవచ్చు. బ్రిటిష్ కాలంలో మన కేసులకు ఆఖరి కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1867లోనే దీన్ని ఒప్పుకుంది. కానీ ఆ తేడా దస్తావేజులో తేటగా కనబడాలి.

మన పెద్దాయన ఏం చేసుంటే సరిపోయేది? దస్తావేజు కూతురి చేతికిచ్చి, ఇద్దరు సాక్షుల ముందు తాళాలు అప్పగించి, షాపులవాళ్లకి ఆమె పేరు చెప్పి, ఆ నెల నుంచే అద్దె రసీదు ఆమె సంతకంతో ఇప్పించాలి. మున్సిపాలిటీలో ఇంటి పన్ను పేరు మార్పించాలి. పన్ను పేరు మారినంత మాత్రాన హక్కు రాదు గానీ, అప్పగింతకు అది గట్టి సాక్ష్యం. ఇవన్నీ ఆరోగ్యంగా ఉండగానే చేయాలి. ఇక లేవనని తెలిసిన జబ్బులో, ఆ జబ్బుతోనే పోతే, ఇచ్చిన హిబాకి మర్జ్-ఉల్-మౌత్ అని మళ్లీ వీలునామా హద్దులే వర్తిస్తాయి.

ఇందాక మీలో ఒకాయన, మైనర్ మనవడికి హిబా ఇస్తే అప్పగింత సంగతేమిటని అడిగారు. మైనర్ బిడ్డకి తండ్రి ఇస్తే విడిగా అప్పగింత అక్కర్లేదు, ఆయనే గార్డియన్, ఇచ్చే ఉద్దేశం నిజమైతే చాలు. తాతయ్య ఇస్తే అలా కాదు. బిడ్డ తండ్రి బతికుంటే గార్డియన్ తండ్రే. కాబట్టి ఆస్తిని ఆయనకి అప్పగించాలి. మనవడు నా ఒళ్లోనే పెరుగుతున్నాడు కదా, మళ్లీ అప్పగింత ఏమిటంటే కోర్టు వినదు. కొడుకుతో మాటల్లేక నేరుగా మనవడికి రాసే తాతలు ఈ సంగతి తెలుసుకుని రాయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.