పులుపు పంటిమీద ఎంతసేపు ఉంటోంది?

శ్రోతలకు నమస్కారం. హైదరాబాద్‌లో ఎండలు ముదిరితే చాలా ఇళ్లలో పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగదు. ఖట్టీ దాల్, మిర్చీ కా సాలన్, బగారా బైంగన్, అన్నింటికీ చింతపండే ఆధారం. ఈమధ్య కోకమ్ షర్బత్ కూడా బాగా వినిపిస్తోంది. కాచిగూడ, సుల్తాన్ బజార్ వైపు ఉండే మరాఠీ కుటుంబాలకైతే కోకమ్ ఎప్పటినుంచో తెలిసిందే. కొంకణ తీరంలో కాసే ఎర్రటి పండు అది. దాని తొక్కను అదే పండు రసంలో ముంచి ఎండబెడితే నల్లగా, కాస్త జిగటగా తయారవుతుంది.

మా పక్కింటి అమ్మాయి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తుంది. కోకమ్ ఒంటికి చలువ అని ఎవరో చెబితే, లీటరు సీసాలో షర్బత్ కలుపుకుని పొద్దున ఆఫీసుకు వెళ్లింది మొదలు సాయంత్రం దాకా గుక్కగుక్కగా తాగేది. కొన్నాళ్లకు చల్లటి నీళ్లు తగిలితే ముందు పళ్లు జివ్వుమనడం మొదలైంది. "ఆంటీ, నేను చాక్లెట్ కూడా తినను కదా, నాకెందుకు ఇలా?" అని అడిగింది. తప్పు కోకమ్‌ది కాదు, తాగే తీరుది.

పులుపును కొలిచే పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు. అది సుమారు 5.5 కన్నా కిందికి దిగితే పంటిమీద ఉండే గట్టి పొర, ఎనామిల్, కరగడం మొదలవుతుంది. చింతపండు రసం, కోకమ్ నీళ్లు రెండూ అంతకన్నా చాలా పుల్లగా ఉంటాయి. ఒక గుక్క తాగాక లాలాజలం ఆ పులుపును విరిచి, పంటిని తేరుకోనివ్వడానికి అరగంట దాకా పడుతుంది. ఆ లోపే ఇంకో గుక్క తాగితే పని మళ్లీ మొదటికొస్తుంది. షర్బత్‌లో చక్కెర ఉంటే పిప్పిపళ్ల బెడద అదనం. అదే గ్లాసు భోజనంతోపాటు ఒకేసారి తాగేస్తే దెబ్బ చాలా తక్కువ. పులుసన్నం కూడా అంతే, ఇంకా నయం, అన్నంతో కలిసి త్వరగా కిందికి దిగిపోతుంది. ఉప్పు, కారం అద్దిన చింతపండు ఉండను పిల్లలు బుగ్గన పెట్టుకుని చప్పరిస్తారే, అది మాత్రం నిజంగా కంగారుపడాల్సిన సంగతి.

పులుపు తిన్న వెంటనే బ్రష్ చేయకండి. మెత్తబడిన ఎనామిల్‌ను బ్రష్ ఇంకా అరగదీస్తుంది. మంచినీళ్లతో పుక్కిలించి, గంట ఆగితే చాలు.

ఇక అరుగుదల సంగతి. పులుపు నాలుకకు తగలగానే నోట్లో నీళ్లూరతాయి, ఆకలి పుడుతుంది. చింతపండు గుజ్జులో పీచు, టార్టారిక్ ఆమ్లం ఉండటంవల్ల కొద్దిగా విరేచనకారి గుణం ఉంది. కానీ చారుకు పిసికి వడగట్టేటప్పుడు పీచు చాలావరకు పిప్పిలోనే పోతుంది. అందుకే చారుతో మలబద్ధకం పోతుందని నేను చెప్పను.

ఎసిడిటీ ఉన్నవాళ్లు చింతపండు మానాలా అని చాలామంది అడుగుతారు. కడుపులో ఊరే ఆమ్లం చింతపండు కన్నా ఘాటైనదే. ఇబ్బంది ఆ ఆమ్లం గొంతువైపు ఎగదన్ని, అన్నవాహిక ఒరిసినప్పుడే వస్తుంది. అక్కడ పులుపు తగిలితే మంట పెరుగుతుంది. అలాంటివాళ్లు రాత్రిపూట పులుసు మాని, ఓ రెండు వారాలు చూసి, మళ్లీ కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. మంట తిరిగొస్తే కారణం తెలిసినట్టే. రాకపోతే నూనె, కారం, తిన్న వెంటనే పడుకోవడం, వీటిమీద అనుమానం పెట్టుకోవాలి. కోకమ్ ఎసిడిటీకి మందని వాడుకలో ఉన్నా, అదీ పులుపే. మంట ఉన్న రోజున దానితో ప్రయోగాలు వద్దు.

మరి ఎంత వేసుకోవాలి? నలుగురికి పులుసు చేయాలంటే చిన్న నిమ్మకాయంత చింతపండు, అంటే ఇంచుమించు 25 గ్రాములు సరిపోతుంది. ఇది వంటింటి లెక్కే, వైద్య మోతాదు కాదు. పప్పు పూర్తిగా ఉడికాకే పులుపు వెయ్యాలి, ముందే వేస్తే గింజ గట్టిపడి ఉడకదు. కోకమ్ అయితే నలుగురి పప్పుకు ఐదారు తొక్కలు చాలు. చివరి పది నిమిషాల్లో వేసి, పులుపు దిగాక తీసేయాలి. కొన్ని రకాలకు ఉప్పు పట్టించి ఎండబెడతారు, కాబట్టి రుచి చూశాకే కూరలో ఉప్పు వేయండి. బీపీ ఉన్నవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

ముందుపళ్ల అంచులు అద్దంలా పలచబడినా, పళ్లు పసుపు తిరిగినా, చల్లటిదీ తియ్యటిదీ తగిలితే జివ్వుమన్నా దంతవైద్యుడికి చూపించండి. అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. ఏం తింటున్నారో చెప్పడంతో సరిపెట్టకండి. రోజంతా మీ బల్లమీద ఏ సీసా ఉంటోందో కూడా ఆయనకు చెప్పండి.