బంధువు లోనుకు ష్యూరిటీ సంతకమా? ముందు ఈ ఒక్క పంక్తి చదవండి

నమస్కారం. తెర మీద కనిపిస్తున్నది బ్యాంకు హామీ పత్రం నమూనా. పేరు, చిరునామా, పాన్ నంబరు మీకు తెలిసినవే, పైకి జరుపుతున్నాను. హామీ సొమ్ము ఎంతో రాయాల్సిన గడి ఖాళీగా ఉంటే మాత్రం సంతకం పెట్టకండి. నేనైతే ప్రతి పేజీనీ ముందే ఫోనులో స్కాన్ చేసుకుంటాను. అక్షరాలు పెద్దవి చేసి తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇదిగో, ఇక్కడ ఆగుదాం. ఈ పంక్తిలో ‘కంటిన్యూయింగ్ గ్యారంటీ’ అని ఉంది చూడండి. అంటే కొనసాగే హామీ. ఒకసారి అప్పు తీరితే మీ పూచీ తీరిపోదు.

ఒక ఉదాహరణ చెబుతాను. గుంటూరు మిర్చి యార్డులో బావమరిది వ్యాపారం. బ్యాంకు 10 లక్షల క్యాష్ క్రెడిట్ ఇచ్చింది, అంటే ఆ పరిమితి లోపల కట్టి మళ్లీ మళ్లీ వాడుకునే లోను. బావగారు ఉపాధ్యాయుడు, ఆయన ష్యూరిటీ. సీజను చివర సరుకు అమ్మి బావమరిది మొత్తం కట్టేశాడు. ‘నీ సంతకం పని అయిపోయింది బావా’ అన్నాడు. కానీ ఖాతా మూయలేదు. మరుసటి ఏడాది మళ్లీ 9 లక్షలు వాడాడు, ధర పడిపోయింది, వడ్డీ కట్టడం ఆగింది. 90 రోజులు దాటాక ఖాతా మొండి బాకీ అయింది. నోటీసు ఇద్దరికీ వచ్చింది.

‘ముందు వాడిని అడగండి’ అంటే బ్యాంకు వినాల్సిన పని లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, పత్రంలో వేరే షరతు లేకపోతే, అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. ఆ హామీ బావగారి క్రెడిట్ రిపోర్టులోనూ ఉంటుంది. కూతురి చదువు లోనుకు ఆయన సహ దరఖాస్తుదారు అయితే, ఈ బాకీ అక్కడ అడ్డుపడుతుంది. ఆయన పోయినా అప్పటికే ఉన్న బాకీ పోదు. వారసుల సొంత ఆస్తి జోలికి రాకపోయినా, ఆయన నుంచి వచ్చిన ఇంటి మీదికి బ్యాంకు రావచ్చు. అందుకే సంతకానికి ముందు భార్యకూ పిల్లలకూ ఈ పత్రం చూపించండి. వాళ్లకు తెలియకుండా పెట్టడం అన్యాయం.

ఇప్పటికే పెట్టేశారా? అదే చట్టం 130వ సెక్షను ప్రకారం ఇకపై వాడే డబ్బుకు హామీ ఉపసంహరించుకోవచ్చు. అప్పటిదాకా ఉన్న బాకీ మాత్రం మీదే. కాబట్టి ఖాతాలో బాకీ సున్నా అయిన వారంలోనే ఉత్తరం ఇవ్వండి. ముందస్తు నోటీసు గడువేదైనా పత్రంలో రాశారేమో చూసుకోండి. ఉత్తరం నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

తరువాత క్రెడిట్ రిపోర్టు తీయండి. ఈ రిపోర్టులు తయారుచేసే ప్రతి క్రెడిట్ సమాచార సంస్థా ఏడాదికి ఒకటి ఉచితంగా ఇస్తుంది. ఇదిగో, ఈ వరుసలో ‘గ్యారంటర్’ అని ఇంకా కనిపిస్తే, ఆ ఉత్తరం నకలుతో మళ్లీ బ్యాంకుకు వెళ్లాలి.