లైటు రంగు మారింది సరే, పాట మారకుండా వచ్చిందా? హెడ్‌ఫోన్ డాంగుల్ రివ్యూ

ముందు ఈ లైటు చూడండి. డాంగుల్ మీద, వైరు మొదట్లో ఉన్న చిన్న చుక్క. ఇప్పుడు ఎర్రగా వెలుగుతోంది కదా? ఈ డాంగుల్‌లో ఎరుపు అంటే 48 కిలోహెర్ట్జ్, అంటే పాట సెకనుకు 48,000 అంకెలుగా వస్తోందని. నీలం అంటే 44.1. ఇక ఫోన్ స్క్రీన్ చూడండి. స్ట్రీమింగ్ యాప్‌లో లాస్‌లెస్ అని రాసి ఉంది, పక్కనే 16 బిట్, 44.1 అని కూడా ఉంది. యాప్ ఒకటి చెబుతోంది, లైటు ఇంకోటి చెబుతోంది. రెండూ అబద్ధం చెప్పట్లేదు. మధ్యలో ఉన్న ఫోన్ పాటను మార్చి పంపుతోంది.

మారకుండా పంపించడం ఎలా, నిజంగా మారలేదని తేల్చుకోవడం ఎలా? ఈ వీడియో అంతా దాని గురించే. డాంగుల్ సంగతి మాత్రం ఇక్కడే చెప్పేస్తాను. గట్టిగానే ఉంది, గంట వాడితే కొంచెం వేడెక్కుతుంది, ఇయర్‌ఫోన్‌లో బుస్‌మని శబ్దం రాదు, ఫోన్ బ్యాటరీ మాత్రం మామూలు కన్నా త్వరగా దిగుతుంది. నాకు నచ్చింది. అంతే.

ఒక్క జాగ్రత్త. చూడటానికి అచ్చం ఇలాగే ఉండే అడాప్టర్లలో చిప్ లేనివి కూడా ఉంటాయి. అవి ఫోన్ లోపలి సౌండ్‌ను టైప్ సీ పోర్టులోంచి అలాగే బయటికి తెస్తాయి, ఆ సదుపాయం లేని ఫోన్‌లో అసలు మోగవు. ఈ వీడియోలో చెప్పేవన్నీ లోపల సొంత డ్యాక్ చిప్ ఉన్న డాంగుల్‌కే. ఫోన్ దీనికి అంకెలు పంపుతుంది, వాటిని సౌండ్‌గా మార్చేది ఇదే. అందుకే మనం పట్టుకోవాల్సింది ఆ అంకెల్ని.

సరే, ఫోన్ ఎందుకు మారుస్తుంది? ఆండ్రాయిడ్‌లో పాట, నోటిఫికేషన్, గేమ్, అన్నిటి శబ్దాలూ ఒక మిక్సర్‌లోకి వెళతాయి. అన్నీ కలవాలంటే అన్నీ ఒకే రేటులో ఉండాలి. చాలా ఫోన్లలో ఆ రేటు 48. 44.1లో ఉన్న పాట వస్తే, సెకనుకు 44,100 శాంపిల్స్‌ని, అంటే ఆ అంకెల్ని, లెక్కకట్టి 48,000 చేస్తుంది. అంటే డాంగుల్‌కి చేరే అంకెల్లో దాదాపు అన్నీ కొత్తగా లెక్కేసినవే. అసలు పాటలోవి కావు.

దీన్ని తప్పించడానికి రెండు దారులున్నాయి. మొదటిది, ఆండ్రాయిడ్ 14 నుంచి బిట్ పర్ఫెక్ట్ అనే పద్ధతి వచ్చింది. యాప్ అడిగితే, మిక్సర్ ఆ పాటను ఇంకో శబ్దంతో కలపకుండా, వాల్యూమ్ తగ్గించకుండా, ఎఫెక్టులు వేయకుండా డాంగుల్‌కి వదిలేయాలి. కానీ యాప్ అడగాలి, ఫోన్ తయారుచేసినవాళ్లు దానికి వీలు కల్పించి ఉండాలి. ఈ రెండింట్లో ఏది లేకపోయినా మళ్లీ ఎర్ర లైటే. రెండోది, యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్. దానికి సొంత యూఎస్‌బీ డ్రైవర్ ఉంటుంది. ఆండ్రాయిడ్ మిక్సర్‌ని ముట్టుకోకుండా డాంగుల్‌తో నేరుగా మాట్లాడుతుంది, కొన్ని స్ట్రీమింగ్ సర్వీసుల్లోకి అందులోంచే లాగిన్ అవ్వొచ్చు.

నా స్ట్రీమింగ్ యాప్ సెట్టింగ్స్‌లో బిట్ పర్ఫెక్ట్ ఉంది. ఇదిగో ఆన్ చేస్తున్నాను. ఆగండి, వేసే ముందు ఇయర్‌ఫోన్ చెవిలోంచి తీసేయండి. ఇది మాట వరసకు చెప్పట్లేదు. ఈ మోడ్‌లో ఫోన్ వాల్యూమ్ తగ్గించదు. డాంగుల్‌లో సొంత వాల్యూమ్ కంట్రోల్ లేకపోతే పాట ఫుల్ సౌండ్‌తో వస్తుంది. చెవిలో దూర్చుకునే చిన్న ఇయర్‌ఫోన్లు తక్కువ కరెంటుకే గట్టిగా మోగుతాయి, ఒక్క పాట చాలు చెవి గింగిర్లెత్తడానికి. ముందు బల్ల మీద పెట్టి వినండి, తర్వాతే చెవిలో పెట్టుకోండి.

ఆన్ చేశాను. లైటు నీలం అయింది. పాట మొదటి అర సెకను మింగేసింది, గమనించారా? రేటు మారిన ప్రతిసారీ డాంగుల్ కొత్త రేటుకు కుదురుకోవాలి, ఆ కాస్తలో మొదటి ముక్క పోతుంది. చిన్న చిరాకే, అలవాటైపోతుంది.

లైటు లేని డాంగుల్ అయితే? కంప్యూటర్‌లో adb అనే ఆండ్రాయిడ్ టూల్‌తో ఫోన్‌ని వైఫై మీద కలిపి, పాట మోగుతుండగా ఈ కమాండ్ ఇవ్వండి.

```
adb shell dumpsys media.audio_flinger
```

పెద్ద చిట్టా వస్తుంది. అందులో యూఎస్‌బీకి వెళ్లే అవుట్‌పుట్ దగ్గర Sample rate అనే లైను వెతకండి. 48000 అని ఉంటే మిక్సర్ మారుస్తోంది, 44100 అని ఉంటే పాట రేటుతోనే పోతోంది. సొంత డ్రైవర్ ఉన్న యాప్ వాడితే ఇక్కడ కనబడదు, ఎందుకంటే అది ఈ దారిలో వెళ్లదు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, నీలం వచ్చింది కదా అని. నేనూ మొన్నటిదాకా అంతే. కానీ లైటు చెప్పేది రేటు ఒక్కటే. సెకనుకు ఎన్ని అంకెలు వస్తున్నాయో చెబుతుంది, ఆ అంకెలు పాటలోవో కావో దానికి తెలియదు. ప్రతి అంకె విలువనూ సగం చేసి పంపినా నీలమే వెలుగుతుంది.

అందుకే ఈ చిన్న బోర్డు. ఇది రాస్‌ప్బెర్రీ పై జీరో. లినక్స్‌లో g_audio అనే మాడ్యూల్ ఉంది. అది వేస్తే ఈ బోర్డు ఫోన్‌కి డాంగుల్‌లా కనబడుతుంది. ఫోన్ దానికి పాట పంపుతుంది, బోర్డు మాత్రం దాన్ని మోగించదు, వచ్చిన అంకెల్ని ఫైల్‌లో రాసుకుంటుంది. దొంగ డాంగుల్ అనుకోండి. బోర్డు సెట్టింగ్స్‌లో, దాన్ని యూఎస్‌బీ పరికరంలా పనిచేయించే dwc2 ఓవర్‌లే ఆన్ చేసి, కరెంటు విడిగా ఇచ్చి, డేటా పోర్టు నుంచి ఫోన్‌కి వైరు పెట్టి ఇవి నడపాలి.

```
sudo modprobe g_audio c_srate=44100 c_ssize=2
arecord -D hw:UAC2Gadget -f S16_LE -r 44100 -c 2 test.wav
```

ఇందులో ఒక లోపం ఉంది. ఇక్కడ బోర్డు 44.1 ఒక్కటే తెలిసినట్టు నటిస్తోంది, కాబట్టి రేటు మారిందా లేదా అన్నది దీంతో తేలదు. అది లైటుతో ఇప్పటికే తేల్చేశాం. దీంతో చూడాల్సింది అంకెలు అవేనా కాదా అని.

పోల్చడానికి అసలు కావాలి. అదే ఆల్బమ్‌ని, అదే రిలీజ్‌ని డౌన్‌లోడ్‌గా కొన్నాను, 16 బిట్ ఫ్లాక్ ఫైల్. రీమాస్టర్ చేసిన వేరే ఎడిషన్ తెచ్చుకుంటే మాత్రం ఫోన్ ఎంత నిజాయితీగా పంపినా అంకెలు కలవవు, తప్పు ఫోన్ మీద వేస్తాం. తర్వాత ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో రెండూ తెరిచి, బాగా జూమ్ చేసి, మొదటి శాంపిల్ మీద మొదటి శాంపిల్ కూర్చునేలా జరిపాను. ఒకదాన్ని తలకిందులు చేసి, అంటే ప్లస్‌లను మైనస్‌లుగా మార్చి, రెండూ కలిపాను. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా మిగలాలి.

మొదటిసారి ఏం మిగిలిందో వినండి. పాట! కాస్త తక్కువ సౌండ్‌తో, మొత్తం పాట మిగిలింది. నీలం లైటు, బిట్ పర్ఫెక్ట్ మోడ్, అన్నీ ఉండగా. అంకెలు విప్పి చూస్తే విషయం తెలిసింది. అసలు ఫైల్‌లో 10000 ఉన్నచోట ఫోన్ నుంచి 6918 వచ్చింది. ప్రతిచోటా అదే నిష్పత్తి. అంటే ఎవరో 3.2 డెసిబెల్స్ తగ్గించారు. ఆండ్రాయిడ్ కాదు, అది వదిలేసింది. తగ్గించింది స్ట్రీమింగ్ యాప్. పాటలన్నీ ఒకే సౌండ్‌లో వినిపించాలని నార్మలైజేషన్ అని ఒకటి ఉంటుంది, అది ఆన్‌లో ఉంది. ఆండ్రాయిడ్‌కి చేరకముందే యాప్ లోపలే పని అయిపోయింది. యాప్ చేసిన దాన్ని ఆండ్రాయిడ్ అక్షరం పొల్లుపోకుండా డాంగుల్‌కి అందించింది.

నార్మలైజేషన్ ఆపేసి మళ్లీ తీశాను. ఈసారి మిగిలింది... వినబడేది ఏమీ లేదు కదా. మొదటి రెండు నిమిషాలు గీత తిన్నగా సున్నా మీద. ఆ తర్వాత ఒక్కసారిగా మళ్లీ పాట మొత్తం! నాకు కాసేపు బుర్ర పనిచేయలేదు. వాల్యూమ్ మారితే మొదటి నుంచీ తేడా ఉండాలి, మధ్యలో మొదలవడమేమిటి? బోర్డు కొన్ని శాంపిల్స్ జారవిడిచింది. అక్కడి నుంచి రెండు ఫైళ్లూ ఒకదానికొకటి పక్కకు జరిగాయి. ఆ తర్వాతి భాగాన్ని మళ్లీ కలిపి చూస్తే సున్నాయే వచ్చింది. కాబట్టి మొదటి నుంచీ ఒకే నిష్పత్తిలో తేడా ఉంటే ఎవరో వాల్యూమ్ ముట్టుకున్నట్టు, మధ్యలో ఉన్నట్టుండి మొదలైతే శాంపిల్స్ జారినట్టు. ఈక్వలైజర్ గానీ, సరౌండ్ ఎఫెక్టు గానీ ఆన్‌లో ఉంటే మూడో రకం కనబడుతుంది. నిష్పత్తి ఒకటిగా ఉండదు, ఎంత జరిపినా సున్నా రాదు.

తర్వాత బిట్ పర్ఫెక్ట్ ఉండగానే ఫోన్ వాల్యూమ్ బటన్ నాలుగు మెట్లు తగ్గించాను. అయినా సున్నానే. అంకెల జోలికి ఎవరూ రాలేదు. బిట్ పర్ఫెక్ట్ ఆపేసి ఒక్క మెట్టు తగ్గిస్తే పాట మళ్లీ బయటపడింది. అసలు డాంగుల్‌తో బిట్ పర్ఫెక్ట్‌లో వింటున్నప్పుడు బటన్ నొక్కితే సౌండ్ తగ్గుతోంది, ఎందుకంటే అక్కడ తగ్గించేది డాంగుల్ లోపలి చిప్.

వినడానికి తేడా ఉందా అంటారా? నా చెవి సంగతి చెబుతాను. 44.1ని 48 చేసిన తేడా, ఏది ఏదో చూడకుండా వింటే నేను పట్టలేకపోయాను. ఫోన్ వాల్యూమ్ కొద్దిగా తగ్గించినా పెద్ద నష్టం లేదు. డాంగుల్‌కి 24 బిట్ దారిలో వెళుతుంటే, 16 బిట్ పాటకు కింద ఇంకా 8 బిట్ల చోటుంది. సుమారు 48 డెసిబెల్స్ తగ్గించేదాకా అసలు వివరం అందులో పడుతుంది. నార్మలైజేషన్ మాత్రం వెంటనే తెలిసిపోయింది, అదీ తప్పుదారిలో. అది ఆపగానే పాట 3.2 డెసిబెల్స్ పెరిగింది, నేను "ఆహా, డాంగుల్ ఏం క్లారిటీ ఇచ్చింది!" అనుకున్నాను. పాత వీడియోలో అదే మాట అన్నాను కూడా. అది డాంగుల్ గొప్పతనం కాదు, సౌండ్ పెరిగిందంతే. ఆ వీడియో కింద ఇవాళే సవరణ పెట్టాను.

నేనిప్పుడు వాడుతున్న సెట్టింగ్ ఇది: యాప్‌లో నార్మలైజేషన్ ఆఫ్, ఈక్వలైజర్ ఆఫ్, ఫోన్ సెట్టింగ్స్‌లో సరౌండ్ ఎఫెక్టులు ఆఫ్, బిట్ పర్ఫెక్ట్ ఆన్. బస్సులో వెళ్లేటప్పుడు మాత్రం నార్మలైజేషన్ మళ్లీ ఆన్ చేస్తాను. ఒక పాట గొణిగి, ఇంకోటి అరిచి గోల చేస్తుంటే అక్కడ బిట్లు ఎవడు లెక్కపెడతాడు చెప్పండి.